చుక్క ఎక్కడ పెట్టాలి? డిగ్రీల పొట్టి పేర్లు, మన పిల్లల సీవీలు

(సొసైటీ వార్షిక సమావేశంలో ఎల్లంతకుంటకు చెందిన ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను ఎంచుకున్న విషయం చాలా చిన్నది. నిజానికి ఒక చుక్క అంత. ఎమ్మెస్సీ, బీఈడీ, పీహెచ్‌డీ అని ఇంగ్లీషులో రాసేటప్పుడు మధ్యలో చుక్కలు పెట్టాలా, వద్దా అన్నదే ఆ విషయం. మూడేళ్లుగా మన సొసైటీ స్కాలర్‌షిప్ తీసుకున్న పిల్లల సీవీలు ఉద్యోగ దరఖాస్తులకు ముందు నా చేతికి వస్తున్నాయి. ఇంట్లో కూర్చుని ఎర్ర పెన్నుతో దిద్దుతుంటాను. ఎక్కువ ఎరుపు పడేది గ్రామరులో కాదు, ఈ చుక్కల దగ్గర. అందుకే ఈ మాటలు.

ముందే ఒకటి చెప్పాలి. చుక్క పెట్టనందుకు ఎవరి ఉద్యోగమూ పోయిందని నేను అనను. కానీ సీవీ చదివేవారికి మన బిడ్డ ముఖం కనబడదు. తండ్రి సాంచ నడిపి, తల్లి బీడీలు చుట్టి చదివించారన్న సంగతి ఆ కాగితం మీద ఉండదు. కాగితం మీద ఉన్న అక్షరాలు, చుక్కలు, తేదీలే ఆ బిడ్డ. అవి ఒక పద్ధతిలో ఉంటే చదివేవారు చదువు గురించి ఆలోచిస్తారు. పద్ధతిలో లేకుంటే 'ఈ సర్టిఫికెట్లన్నీ సరైనవేనా' అని ఆలోచిస్తారు. ఆ రెండో ఆలోచన రాకుండా చూడడమే మన పని.

ఒక ఉదాహరణ చూపిస్తాను. నిరుడు మన దగ్గరి అమ్మాయి ఒకరు కెమిస్ట్రీ టీచర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడానికి సీవీ తెచ్చింది. బీఎస్సీ, ఎమ్మెస్సీ, బీఈడీ పూర్తి చేసి, పీహెచ్‌డీలో చేరిన బిడ్డ. ఆమె రాసుకొచ్చిన నాలుగు వరసలు ఇవి. పేరు తీసేసి చూపిస్తున్నాను:

```
BSC - 2017
M.Sc Chemistry, 2019
B.ED (2021)
P.hd. pursuing
```

నాలుగు డిగ్రీలు, నాలుగు పద్ధతులు. మొదటిదానికి చుక్కే లేదు, పైగా అన్నీ పెద్దక్షరాలు. రెండోదానికి మధ్యలో చుక్క ఉంది, చివర లేదు. మూడోదానిలో ఎడ్యుకేషన్‌కు గుర్తుగా ఉండాల్సిన చిన్న `d` పెద్దదైంది. నాలుగోదానిలో చుక్క ఉండకూడని చోట ఉంది. ఏడాది కూడా ఒకచోట గీత తర్వాత, ఒకచోట కామా తర్వాత, ఒకచోట బ్రాకెట్‌లో ఉంది. పీహెచ్‌డీకి ఏడాదే లేదు. నేను అడిగితే ఆ బిడ్డ, "సార్, ఏది కరెక్టో తెల్వక అన్ని రకాలుగా రాసిన. ఏదో ఒకటి కరెక్ట్ అయితది గదా" అన్నది. నవ్వొచ్చింది గానీ, తప్పు ఆమెది కాదు. మనం ఎక్కడా నేర్పలేదు.

కాబట్టి అసలు నియమం దగ్గరికి వస్తాను. పొట్టి పేరులో చుక్క అంటే 'ఇక్కడ ఒక మాట తెగింది, మిగతా అక్షరాలు వదిలేశాం' అని చెప్పే గుర్తు. `M.Sc.` అంటే మాస్టర్ అన్న మాటలో ఒక అక్షరం, సైన్స్ అన్న మాటలో రెండు అక్షరాలు. రెండు మాటలు తెగాయి, కాబట్టి రెండు చుక్కలు. చుక్కలు పెట్టేవారు చివరి చుక్క మరచిపోయి `M.Sc` అని వదిలేస్తే సగం పని చేసినట్టే. మొదటి మాట తెగిందని చెప్పి, రెండో మాట తెగిందని చెప్పనట్టు.

పీహెచ్‌డీ దగ్గర మన పిల్లలు ఎందుకు తప్పుతారో ఆలోచించాను. దాని అసలు పేరు లాటిన్‌లో ఫిలాసఫియే డాక్టర్. `Ph` రెండక్షరాలూ ఫిలాసఫీ అన్న ఒక్క మాటవి. ఆ రెంటి మధ్య చుక్క పెట్టడానికి చోటే లేదు. అందుకని `Ph.D.` సరి, `PhD` సరి. `P.hd.` తప్పు, `P.H.D.` కూడా తప్పు. ఇది మన ఇళ్లలోని పేర్లతో చెబితే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. షేక్ అన్న పేరును మనం ఇంగ్లీషులో `Sk` అని రాస్తాం. ఎస్ ఒక మాట, కే ఒక మాట కాదు, రెండూ కలిసి ఒక్క షేక్. `S.K.` అని రాస్తే అది ఇంకెవరి ఇంటిపేరో అయిపోతుంది. `Ph` కూడా అంతే.

మరి తప్పు ఎక్కడినుంచి వచ్చింది? తెలుగు నుంచి వచ్చింది. తెలుగులో మనం అక్షరాల పేర్లు పలికినట్టు రాస్తాం. పి, హెచ్, డి. పెళ్లిపత్రికల్లో, బోర్డుల మీద 'పి.హెచ్.డి.' అని మూడు చుక్కలతో చూసి చూసి, ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ మూడు చుక్కలనూ తీసుకెళ్తాం. తెలుగులో ఆ రాత తప్పేం కాదు, అక్కడ రాసేది మాటను కాదు, అక్షరం పేరును. దాన్ని ఇంగ్లీషులోకి మోసుకుపోవడమే తప్పు. బీఈడీకి జరిగేది కూడా ఇదే. 'బి.ఇ.డి.' అని తెలుగులో చూసి `B.E.D.` అని రాస్తారు. `Ed` అంటే ఎడ్యుకేషన్ అనే ఒక్క మాట. ప్రాథమిక పాఠశాల టీచర్ల డిప్లొమాకు `D.El.Ed.` అని రాయడం మీలో చాలామంది చూసే ఉంటారు. డిప్లొమాకు ఒకటి, ఎలిమెంటరీకి రెండు, ఎడ్యుకేషన్‌కు రెండు అక్షరాలు. మూడు మాటలు, మూడు చుక్కలు. లా చదివినవారి `LL.B.` లో రెండు `L` లు పక్కపక్కనే ఉండడం కూడా ఇందుకే. లాటిన్‌లో మాట బహువచనమైతే అక్షరాన్ని రెండుసార్లు రాస్తారు, అంటే అది చట్టం కాదు, చట్టాలు. అందుకే ఆ రెంటి మధ్య చుక్క రాదు.

ఇక అసలు ప్రశ్న. చుక్కలు పెట్టాలా, వద్దా? రెండూ ఒప్పే. లోకంలో పెద్ద పెద్దవాళ్లే ఒక మాట మీద లేరు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం చుక్కలు లేకుండా రాస్తుంది. అమెరికాలో పుస్తక ప్రచురణకర్తలు చూసే షికాగో మాన్యువల్ 1906 నుంచి వస్తోంది. అది ఒకప్పుడు చుక్కలతో రాసేది, ఇప్పుడు చుక్కలు తీసేయమంటుంది. అదే అమెరికాలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ శైలి పుస్తకం మాత్రం `Ph.D.` అని చుక్కలు ఉంచి, ఎంబీఏకు మాత్రం చుక్కలు లేకుండా `MBA` అంటుంది. మన దేశంలో యూజీసీ 2022లో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల పేరులోనే `Ph.D.` అని చుక్కలున్నాయి. చట్టం సంగతి అడుగుతారా? 1956 యూజీసీ చట్టం 22వ సెక్షన్ ఏ డిగ్రీలు ఇవ్వవచ్చు, ఎవరు ఇవ్వవచ్చు అని చెబుతుంది. ఆ పట్టింపు డిగ్రీకి, ఇచ్చిన సంస్థకు, చుక్కకు కాదు.

అంటే చుక్క మన ఇష్టం. కానీ ఒకసారి ఇష్టపడ్డాక, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అదే ఇష్టం ఉండాలి. సీవీలో ఒక పద్ధతి, దానితో పంపే ఉత్తరంలో ఇంకో పద్ధతి ఉండకూడదు.

ఎలా ఎంచుకోవాలి? నేను పిల్లలకు చెప్పేది ఇది. కాగితం ఎవరి చేతికి పోతుందో చూడండి. ఇక్కడి బడులకు, కాలేజీలకు, ప్రభుత్వ నోటిఫికేషన్లకు పెట్టేటప్పుడు ఆ నోటిఫికేషన్‌లో డిగ్రీని ఎట్లా రాశారో అట్లాగే రాయండి. ఎక్కువగా చుక్కలే ఉంటాయి. ఇంగ్లండుకో, అక్కడి పద్ధతి పాటించే కంపెనీకో పంపితే చుక్కలు తీసేయండి. ఏదీ తెలియకపోతే చుక్కలు లేని పద్ధతే తేలిక, ఎందుకంటే లేని చుక్కను తప్పు చోట పెట్టలేం. ఆ అమ్మాయి నాలుగు డిగ్రీలకు చుక్కలతో రాస్తే మొత్తం ఎనిమిది చుక్కలు కావాలి. ఎనిమిది చోట్ల తప్పు జరగడానికి వీలుంది. అయితే దీనికి ఒక ఇబ్బంది ఉంది, అది మా టీచర్లదే. చుక్కలు తీసేస్తే మా డిగ్రీ `BEd` అవుతుంది. శీర్షికలో అన్నీ పెద్దక్షరాలు చేస్తే అది మంచం అయిపోతుంది. అందుకే మాలో చాలామందికి చుక్కల మీద మమకారం పోదు. నాకూ పోలేదు.

ఆ అమ్మాయి దరఖాస్తు ఇక్కడి బడికి. నోటిఫికేషన్‌లో చుక్కలున్నాయి. కాబట్టి చుక్కల పద్ధతే తీసుకున్నాం. కొత్త చదువు పైన, పాత చదువు కింద పెట్టాం. డిగ్రీ, సబ్జెక్టు, ఏడాది, మధ్యలో కామా. నాలుగు వరసలూ ఒకే అచ్చులో పోసినట్టు ఇలా అయ్యాయి:

```
Ph.D., Chemistry, registered 2022, in progress
B.Ed., 2021
M.Sc., Chemistry, 2019
B.Sc., 2017
```

చుక్క తర్వాత కామా వస్తే రెండూ ఉండాలి. చాలామంది 'రెండు గుర్తులు ఎందుకు' అని చుక్క తీసేస్తారు. చుక్క మాట తెగిందని చెబుతుంది, కామా రెండు విషయాలను విడదీస్తుంది. పని వేరు. ఇంకొకటి, చుక్క తర్వాత మధ్యలో ఖాళీ వదలకూడదు. `M. Sc.` అని రాస్తే వరస చివర `M.` ఒక వరసలో, `Sc.` కింది వరసలో పడుతుంది.

మొదటి వరసలో `in progress` అన్న మాట మీద కాసేపు ఆగుతాను. ఇది చుక్క కంటే పెద్ద విషయం. ఆ అమ్మాయి సీవీ పైన తన పేరు పక్కన `M.Sc., B.Ed., (Ph.D.)` అని రాసుకుంది. బ్రాకెట్ పెడితే 'చదువుతున్నాను' అని అర్థమని మనవాళ్లలో ఒక అలవాటు ఉంది. కానీ ఆ అలవాటు తెలియనివారు దాన్ని పీహెచ్‌డీ వచ్చిందనే చదువుతారు. ఇంటర్వ్యూలో 'థీసిస్ దేని మీద, ఎప్పుడు ఇచ్చారు' అని అడిగితే, 'ఇంకా ఇవ్వలేదు' అనాల్సి వస్తుంది. అబద్ధం చెప్పాలని రాయలేదు, అయినా బ్రాకెట్ అబద్ధం చెప్పింది. డిగ్రీ చేతికి వచ్చేదాకా పేరు పక్కన రాయకూడదు. చదువు వివరాల్లో 'చేరిన ఏడాది ఇది, ఇంకా నడుస్తోంది' అని మాటల్లో రాయాలి. వచ్చాక కూడా ముందు `Dr.`, వెనుక `Ph.D.` రెండూ వద్దు. రెండూ చెప్పేది ఒకటే.

ఇప్పుడు మన ఇళ్లకే ప్రత్యేకమైన చిక్కు చెబుతాను. మొహమ్మద్ అన్న పేరును `Md.` అని, `MD` అని, `Mohd.` అని, పూర్తిగా `Mohammed` అని రాస్తాం. ఒకే బిడ్డ పదో తరగతి మెమోలో ఒకటి, ఇంటర్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి. సీవీలో అన్నీ పెద్దక్షరాలతో `MD` అని పేరు ముందు పెడితే, చదివేవారికి డాక్టర్ల ఎండీ గుర్తొస్తుంది, లేదా కంపెనీ ఎండీ గుర్తొస్తుంది. మరి దాన్ని `Md` అని మార్చేద్దామా? ఇక్కడే జాగ్రత్త. డిగ్రీలో చుక్క మన ఇష్టమని చెప్పాను. పేరులో మన ఇష్టం లేదు. పదో తరగతి మెమోలో, పాస్‌పోర్టులో అక్షరాలు ఎట్లా ఉన్నాయో సీవీలో అట్లాగే ఉండాలి. ఆ రెంటికీ తేడా ఉంటే ముందు సర్టిఫికెట్ దిద్దించుకోవాలి, అంతేగానీ సీవీలో కొత్తగా మూడో రకం పుట్టించకూడదు. గల్ఫ్‌కు పోయినవారిని అడగండి, పేరులో ఒక్క అక్షరం తేడాకు ఎన్నిసార్లు తిరగాల్సి వచ్చిందో వాళ్లు చెబుతారు. కాబట్టి పిల్లలు గుర్తుంచుకోవాల్సింది రెండే మాటలు. పేరు కాగితం ప్రకారం. డిగ్రీ పద్ధతి ప్రకారం.

ఈ రెండూ కలిపేసి నేనే ఒకసారి తప్పు చేశాను. దాతలంతా ఇక్కడే ఉన్నారు కాబట్టి ఒప్పుకుంటాను. ఒక ఏడాది సావనీర్ కోసం దాతల జాబితా కంప్యూటర్‌లో నేనే దిద్దాను. కొందరి డిగ్రీలకు చుక్కలున్నాయి, కొందరికి లేవు. అన్నిటికీ ఒకేసారి చుక్కలు పెడదామని వర్డ్‌లో `Ctrl+H` నొక్కి, `MA` ఉన్నచోటల్లా `M.A.` చేయమని `Replace All` కొట్టాను. మేనేజర్ `M.A.NAGER` అయ్యాడు. మొహమ్మద్ పేరులోని మధ్య అక్షరాలు కూడా కొన్నిచోట్ల ముక్కలయ్యాయి. భయపడి వెనక్కి తీసుకుని, ఈసారి చుక్కలు తీసేద్దామని `M.A.` ను `MA` చేశాను. అచ్చయి వచ్చాక ఒక పెద్దాయన నన్ను పిలిచి, "సార్, నేను పదో తరగతి గూడ పాస్ కాలే. మీరు నన్ను ఎమ్మే చేసిండ్రు. డిగ్రీ ఇచ్చినందుకు శుక్రియా" అన్నారు. ఆయన పేరు ముందున్న `M.A.` డిగ్రీ కాదు, మొహమ్మద్ అబ్దుల్. చుక్కలు ఉన్నంతకాలం అవి ఇనీషియల్స్ అని తెలిసేది. నేను చుక్కలు తీసేసరికి డిగ్రీ అయిపోయింది.

దానితో నేను నేర్చుకున్నది చెబుతాను. కంప్యూటర్‌కు మాట తెలియదు, అక్షరాలే తెలుసు. మార్చాల్సి వస్తే అదే పెట్టెలో `Match case`, `Find whole words only` అన్న రెండు గళ్లలో టిక్ పెట్టాలి. అప్పుడు మేనేజర్ బతుకుతాడు. అయినా పేరులోని `M.A.`, డిగ్రీలోని `M.A.` కంప్యూటర్ కంటికి ఒకటే. కాబట్టి `Replace All` కాకుండా `Find Next` నొక్కుతూ ఒక్కొక్కటి చూసి, డిగ్రీ అయితేనే `Replace` నొక్కాలి. రెండు పేజీల సీవీకి అయిదు నిమిషాలు చాలు.

యంత్రం తనంతట తాను పెట్టే తప్పులు కూడా ఉన్నాయి. మన పిల్లలు ఎక్కువమంది సీవీ ఫోన్‌లోనే టైప్ చేస్తారు. చాలా ఫోన్లలో స్పేస్ రెండుసార్లు నొక్కితే దానంతట అదే చుక్క పడుతుంది. చుక్కలు లేని సీవీలో ఒక్క `MSc` కి మాత్రం చుక్క ఎక్కడినుంచి వచ్చిందంటే ఇదే కారణం. చుక్క పడగానే వాక్యం ముగిసిందనుకుని తర్వాతి మాటకు పెద్దక్షరం పెడుతుంది. `B.Ed. from` అని రాస్తే `B.Ed. From` అవుతుంది. వర్డ్‌లో అయితే వరసగా రెండు పెద్దక్షరాలు చూసి, `MSc` ను `Msc` చేసే అవకాశం కూడా ఉంది. అట్లా జరిగిన వెంటనే `Ctrl+Z` నొక్కితే మన రాత మనకు తిరిగి వస్తుంది. అందుకే ఫోన్‌లో టైప్ చేసినా, కాగితం మీద ప్రింటు తీసి, డిగ్రీలు ఉన్న వరసలను వేలు పెట్టి ఒకదాని కింద ఒకటి చూడమంటాను. తెర మీద కనబడని తేడా కాగితం మీద కనబడుతుంది.

చివరగా ఒక పరిమితి. ఈ రోజుల్లో పెద్ద కంపెనీలు సీవీలను ముందు కంప్యూటర్‌తో వెతికిస్తాయి. ఎవరైనా `BTech` అని వెతికితే, మన బిడ్డ `B.Tech.` అని రాసుకుంటే, ఉన్నది ఉన్నట్టు వెతికే యంత్రానికి అది దొరకకపోవచ్చు. చుక్క పెట్టినా, పెట్టకపోయినా ఈ ఇబ్బంది ఉంటుంది. దానికి మందు ఒక్కటే. చదువు వివరాల దగ్గర ఒక్కసారి డిగ్రీ పూర్తి పేరు రాయాలి. `Bachelor of Technology (B.Tech.)` అని. మన పట్టా మీద కూడా మామూలుగా ఉండేది పూర్తి పేరే. ఆ తర్వాత సీవీ అంతటా పొట్టి పేరు వాడుకోవచ్చు.

ఆ అమ్మాయి సీవీ మూడుసార్లు తిప్పి రాసింది. మూడోసారి నేను ఎర్ర పెన్ను మూత తీయలేదు. ఆమె ఉద్యోగం సంగతి అడుగుతారని తెలుసు. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. అక్కడ అడిగింది పీహెచ్‌డీ ఎంతవరకు వచ్చిందనే. ఆమె కాగితంలో ఉన్నదే చెప్పింది. ఆ ఉద్యోగం ఆమెకు రాలేదు, వేరే బడిలో వచ్చింది. ఇప్పుడు తన తమ్ముడి సీవీ తనే దిద్దుతోంది. మొన్న ఫోన్ చేసి, "సార్, మా తమ్ముడు తన పేరులో చుక్క పెట్టిండు, మెమోలో లేదు. తీసేయించిన" అన్నది.

దాతలకు ఒక విన్నపం. ఈ సావనీర్‌లో మీ పేర్లు అచ్చు వేసేముందు ప్రూఫు మీకు చూపిస్తాం. మీ పేరులోని చుక్కలు మీవి, ఒక్కటి ఎక్కువైనా తక్కువైనా గుర్తు పెట్టి పంపండి. డిగ్రీల చుక్కలు మాత్రం మాకు వదిలేయండి. అవి ఈ ఏడాది అందరికీ ఒకేలా ఉంటాయి. పిల్లలకు ఇచ్చే ఒక పేజీ నమూనా సొసైటీ ఆఫీసులో ఉంది. చుక్కలతో ఒకవైపు, చుక్కలు లేకుండా ఇంకోవైపు. ఏ వైపు కావాలో ఆ వైపు చూసి రాసుకోవచ్చు. రెండు వైపులూ కలపకుంటే చాలు.